ఫార్ములాలో M లేదు కాబట్టి సమానమట!

పోయిన ఆదివారం సాయంత్రం మా మేనల్లుడు హాస్టల్ నుంచి ఫోన్ చేశాడు. ఇంటర్ మొదటి సంవత్సరం. వారానికి ఒక్కసారి పది నిమిషాలు మాట్లాడనిస్తారు. అందులో ఎనిమిది నిమిషాలు వాళ్ళమ్మకి, మిగిలిన రెండూ నాకు. మామూలుగా ఆ రెండు నిమిషాల్లో క్రికెట్ స్కోర్ అడుగుతాడు. ఈసారి మాత్రం గొంతు తేడాగా ఉంది. వీక్లీ టెస్టులో మార్కులు తగ్గాయని సెక్షన్ మార్చారట. అంటే కింది సెక్షన్‌కి తోశారన్నమాట.

ఏం తప్పు చేశావురా అంటే ఒక ప్రశ్న చెప్పాడు. "ఒకే సిలిండర్లో 27 డిగ్రీల దగ్గర హైడ్రోజన్, ఆక్సిజన్ ఉన్నాయి. ఏ వాయువు అణువుకి సగటు గతిజ శక్తి ఎక్కువ?" వీడు హైడ్రోజన్ అని పెట్టాడు. సమాధానం "రెండూ సమానం". మైనస్ ఒకటి.

"మావయ్యా, హైడ్రోజన్ నాలుగు రెట్లు స్పీడుగా పోతుందని వాళ్ళే చెప్పారు. మరి శక్తి ఎలా సమానం? అని సార్‌ని అడిగితే, ఫార్ములాలో M లేదు కదా, అందుకే సమానం, రాసుకో అన్నారు."

నేను కూడా పెద్దమనిషి తరహాలో, "స్పీడు ఎక్కువ, బరువు తక్కువ, రెండూ క్యాన్సిల్ అయిపోతాయిరా" అన్నాను. వాడు ఒక్క క్షణం ఆగి అడిగాడు. "ఎందుకు క్యాన్సిల్ అవ్వాలి మావయ్యా? సరిగ్గా నాలుగు రెట్లే ఎందుకు? ఐదు రెట్లు ఎందుకు కాకూడదు?"

ఫోన్ టైం అయిపోయింది. అయిపోకపోయినా నా దగ్గర సమాధానం లేదు. నేను కూడా ఇరవై ఏళ్ళ క్రితం అదే ఫార్ములా బట్టీపట్టి, అదే బిట్టుకి సరైన ఆప్షన్ పెట్టి, ఇంజనీరింగ్ సీటు తెచ్చుకున్నవాణ్ణే. సరైన ఆప్షన్ పెట్టిన నాకు తెలియని విషయాన్ని తప్పు ఆప్షన్ పెట్టిన పిల్లాడు అడిగాడు. కింది సెక్షన్‌కి పోవాల్సింది ఎవరో మీరే చెప్పండి.

ముందు "ఫార్ములాలో M లేదు" అన్న మాట సంగతి చూద్దాం. ఆర్ఎంఎస్ వేగం, అదే వర్గ మధ్యమ మూల వేగం, ఇలా ఉంటుంది:

v_rms = √(3RT/M)

ఒక అణువు సగటు గతిజ శక్తి ఇలా:

E = (3/2)kT

రెండోదాంట్లో M ఎందుకు లేదు? ఎందుకంటే మొదటిదాంట్లో v² కింద M ఉంది, ½mv² లో పైన m ఉంది, రెండూ కొట్టుకుపోయాయి. మరి మొదటిదాంట్లో M కింద ఎందుకుంది? ఎందుకంటే శక్తి అన్ని వాయువులకీ సమానం కాబట్టి! మన భాషలో దీన్ని సర్క్యులర్ డిపెండెన్సీ అంటారు. మన దగ్గర ఇలాంటి కోడ్ బిల్డ్ కూడా అవ్వదు. అక్కడ మాత్రం దానిమీద ర్యాంకులే ఇస్తున్నారు.

"అదేం లేదండీ, టెక్స్ట్ బుక్కులో డెరివేషన్ ఉంది" అని ఎవరో ఒకరు అంటారని తెలుసు. ఉంది. డబ్బా గోడకి అణువులు కొట్టుకోవడం లెక్కేసి PV = (1/3)Nm·v² అని తెస్తారు (ఇక్కడ v² అంటే వేగాల వర్గాల సగటు). దాన్ని PV = nRT తో పోలుస్తారు. అంతే, E వచ్చేస్తుంది. కానీ ఒక్కసారి ఆగి చూడండి. ఆ R హైడ్రోజన్‌కీ ఆక్సిజన్‌కీ ఒకటే ఎందుకైంది? అడిగిన ప్రశ్న మొత్తం వెళ్ళి ఆ ఒక్క అక్షరంలో దాక్కుంది. R అన్నిటికీ ఒకటే అన్నది ప్రయోగాల్లో కనిపించిన సంగతి. ఆ డెరివేషన్ వల్ల శక్తులు సమానమని తెలుస్తుంది గానీ, ఎవరు సమానం చేస్తున్నారో తెలియదు. పిల్లాడు అడిగింది ఆ రెండోది.

ఎవరు చేస్తున్నారంటే, అణువులే. ఒకదాన్నొకటి గుద్దుకుని.

మన బుర్ర ఇక్కడ ట్రాఫిక్ లాగా ఆలోచిస్తుంది. అమీర్‌పేట సిగ్నల్ దగ్గర లారీ అయినా స్కూటర్ అయినా కాసేపటికి ఒకే వేగానికి వచ్చేస్తాయి. కాబట్టి ఒకే డబ్బాలో ఉన్న అణువులు కూడా గుద్దుకుని గుద్దుకుని ఒకే వేగానికి వస్తాయేమో అనిపిస్తుంది. రావు. క్రికెట్ బ్యాట్ గుర్తు తెచ్చుకోండి. ఎదురొచ్చే బంతిని బరువైన బ్యాట్‌తో కొడితే, బంతి బ్యాట్ కంటే ఎక్కువ వేగంతో వెనక్కి పోతుంది. బరువైనదీ తేలికైనదీ ఒకే వేగంతో ఎదురెదురుగా వస్తే ఆ వేగం అలాగే ఉండదు. తేలికైనది ఎగిరిపోతుంది, బరువైనది కాస్త నెమ్మదిస్తుంది. వెనకనుంచి తగిలినప్పుడు తేలికైనది వేగం కోల్పోవచ్చు కూడా. అన్ని రకాల ఢీలనీ కలిపి సగటు తీస్తే ఏమవుతుందన్నది అసలు లెక్క.

ఆ లెక్క చూసి భయపడక్కర్లేదు. ద్రవ్యరాశులు m1, m2. ఢీకి ముందు శక్తులు E1, E2. రెండిటి ఉమ్మడి ద్రవ్యవేగం మారదు, మొత్తం శక్తి మారదు. ఈ రెండు షరతుల వల్ల, ఒకదాని కంటికి రెండోది ఎంత వేగంతో కనిపిస్తుందో ఆ సాపేక్ష వేగం కూడా మారదు, దాని దిశ మాత్రమే మారుతుంది. ఢీ తర్వాత ఆ దిశ ఎటైనా ఉండొచ్చు అనుకుందాం. ఢీకి ముందు ఇద్దరూ ఏ దిక్కు నుంచి వస్తున్నారన్నది కూడా యాదృచ్ఛికమే కాబట్టి, దిశల మీద ఆధారపడే పదాలన్నీ సగటులో సున్నా అయిపోతాయి. కాగితం మీద పావుగంట పని. చివరికి మొదటి అణువు శక్తిలో వచ్చే సగటు మార్పు ఇది:

ΔE1 = [2·m1·m2/(m1+m2)²] × (E2 − E1)

ఈ ఒక్క లైను కోసమే నేనింత రాస్తున్నాను. చివరి బ్రాకెట్లో ఏముందో చూడండి. వేగాల తేడా లేదు, ద్రవ్యవేగాల తేడా లేదు. శక్తుల తేడా ఉంది. రెండోవాడి దగ్గర శక్తి ఎక్కువుంటే మొదటివాడికి వస్తుంది, తక్కువుంటే పోతుంది, సమానంగా ఉంటే సగటున ఏమీ మారదు. అంటే ఇచ్చిపుచ్చుకోవడం ఆగిపోయే చోటు ఒక్కటే: E1 = E2. ద్రవ్యరాశి ముందున్న గుణకంలో మాత్రమే ఉంది. ఎంత త్వరగా సమానం అవుతాయో ద్రవ్యరాశి చెబుతుంది. ఎక్కడ సమానం అవుతాయో చెప్పే హక్కు దానికి లేదు.

హైడ్రోజన్ 2, ఆక్సిజన్ 32 పెట్టి చూడండి. గుణకం 128/1156, అంటే దాదాపు 0.11. ఒక్కో అణువుకీ అవతలి జాతితో ఒక్కో ఢీ అయ్యేసరికి శక్తుల మధ్య తేడాలో 78 శాతమే మిగులుతుంది (ఒకరికి వచ్చింది ఇంకొకరికి తగ్గింది కాబట్టి 0.11 రెండుసార్లు పోవాలి). పది ఢీలకి తేడా 8 శాతానికి వస్తుంది, ఇరవై ఢీలకి ఒక శాతం లోపుకి. మామూలు గాలిలో ఒక అణువు సెకనుకి కొన్ని వందల కోట్ల సార్లు గుద్దుకుంటుంది. కాబట్టి ఈ తంతంతా కన్నుమూసి తెరిచే లోపల కాదు, దానికి ఎన్నో లక్షల వంతు టైంలో ముగిసిపోతుంది.

మన జనం కాగితం నమ్మరు, అవుట్‌పుట్ నమ్ముతారు. కాబట్టి ఇదిగో. అయిదు వేల హైడ్రోజన్లు, అయిదు వేల ఆక్సిజన్లు. కావాలనే అన్నిటికీ ఒకే వేగం ఇచ్చాను, సెకనుకి 500 మీటర్లు. ఉష్ణోగ్రత, R, k ఏవీ ఇవ్వలేదు. ఢీ నియమాలు మాత్రమే.

```python
import random, math

def rdir():
    z = random.uniform(-1, 1)
    a = random.uniform(0, 2*math.pi)
    r = math.sqrt(1 - z*z)
    return [r*math.cos(a), r*math.sin(a), z]

N = 5000
m = [2]*N + [32]*N
v = [[500*c for c in rdir()] for _ in m]

for _ in range(300000):
    i, j = random.sample(range(2*N), 2)
    M = m[i] + m[j]
    V = [(m[i]*a + m[j]*b)/M for a, b in zip(v[i], v[j])]
    g = math.dist(v[i], v[j])
    d = rdir()
    v[i] = [c + m[j]*g*x/M for c, x in zip(V, d)]
    v[j] = [c - m[i]*g*x/M for c, x in zip(V, d)]

for s in (slice(0, N), slice(N, 2*N)):
    q = sum(c*c for u in v[s] for c in u)/N
    print(m[s][0], round(math.sqrt(q)), round(0.5*m[s][0]*q))
```

నడిపే ముందే జవాబు ఎంత రావాలో చెప్పొచ్చు. మొదట్లో హైడ్రోజన్ శక్తి 1 అనుకుంటే ఆక్సిజన్‌ది 16. వేగం ఒకటే కాబట్టి, బరువును బట్టే తేడా. చివరికి ఇద్దరూ సమానంగా పంచుకోవాలి, అంటే చెరో 8.5. హైడ్రోజన్ వేగం 500 నుంచి √8.5 రెట్లు పెరిగి సుమారు 1458 అవ్వాలి. ఆక్సిజన్ వేగం 364కి పడిపోవాలి. 1458ని 364తో భాగించండి. నాలుగు. మేనల్లుడి నాలుగు అదే. మూడో కాలమ్‌లో శక్తులు రెండూ 21 లక్షల 25 వేల దగ్గర ఉంటాయి. యాదృచ్ఛికం కాబట్టి ఒకటి రెండు శాతం అటూ ఇటూ అవుతుంది.

ఒక మాట ఒప్పుకోవాలి. నిజం అణువుల్లో వేగంగా ఎదురొచ్చేవి ఎక్కువసార్లు గుద్దుకుంటాయి. నేను జతలని లాటరీ తీసినట్టు తీశాను. దీనివల్ల ఎంతసేపట్లో చేరతాయన్నది మారుతుంది గానీ, చేరే చోటు మారదు. ఇంకో సంగతి, ఈ డబ్బాకి ఉష్ణోగ్రత ఎంత అని అడిగితే ఇప్పుడు చెప్పగలం, దాదాపు 170 కెల్విన్. గుద్దుకోక ముందు అడిగితే? ఆ ప్రశ్నకి అర్థమే లేదు. శక్తులు సమానం అయ్యాకే ఉష్ణోగ్రత అనే ఒకే ఒక్క అంకె పుడుతుంది. "ఉష్ణోగ్రత ఒకటే కాబట్టి శక్తి సమానం" అని బోర్డు మీద రాసేది తలకిందుల వాక్యం.

ఈ పొరపాటు మన పిల్లలదే కాదు, పెద్దవాళ్ళు కూడా పడ్డ గుంత ఇది. జాన్ హెరపత్ అనే ఇంగ్లీషాయన 1820లోనే వాయువు అంటే పరుగెత్తే కణాలే అని చెబుతూ రాయల్ సొసైటీకి వ్యాసం పంపాడు. మూలం సరిగ్గానే పట్టుకున్నాడు. కానీ ఉష్ణోగ్రత అంటే కణం ద్రవ్యవేగం అన్నాడు, అంటే mv. శక్తి అనలేదు. దాంతో ఆయన కొలమానం మామూలు థర్మామీటర్‌తో కలవలేదు. వ్యాసం అక్కడ వేసుకోలేదు, 1821లో వేరే పత్రికలో వచ్చింది.

తర్వాత వచ్చినవాడి కథ మనకి దగ్గరది. జాన్ జేమ్స్ వాటర్‌స్టన్, ఎడింబరోలో పుట్టి, రైల్వే సర్వేలు చేసిన ఇంజనీరు. ఈస్టిండియా కంపెనీ వాళ్ళ నౌకాదళ క్యాడెట్లకి పాఠాలు చెప్పడానికి 1839లో బొంబాయి వచ్చాడు. పాఠాలు చెప్పగా మిగిలిన టైంలో, బొంబాయిలోనే కూర్చుని, వాయువుల మీద పెద్ద వ్యాసం రాసి 1845 డిసెంబరులో లండన్ రాయల్ సొసైటీకి పంపాడు. వాయువులు కలిసి ఉన్నప్పుడు అణువు వేగం వర్గం సగటు, దాని బరువుకి విలోమానుపాతంలో ఉంటుందని అందులో ఉంది. అంటే mv² అందరికీ సమానం. పైన కోడ్ ప్రింట్ చేసిందే. చదివిన రిఫరీల్లో ఒకాయన ఇది ఉత్త నాన్సెన్స్, సభలో చదవడానికి కూడా పనికిరాదని రాసి పడేశాడు. 1846లో ఒక చిన్న సారాంశం మాత్రం బయటికొచ్చింది. అసలు ప్రతి సొసైటీ బీరువాలో ఉండిపోయింది. వాటర్‌స్టన్ దగ్గర కాపీ లేదు. (బ్యాకప్ తీసుకోండి బాబూ అని మనం ఊరికే మొత్తుకోం.)

క్లాసియస్ 1857లో, మాక్స్‌వెల్ 1860లో ఇదే దారిలో నడిచి పేరు తెచ్చుకున్నారు, వాళ్ళ పని వాళ్ళు చేశారు, అందులో తప్పేం లేదు. వాటర్‌స్టన్ 1883లో పోయాడు. 1891లో లార్డ్ రాలీ ఆ బీరువాలో వెతికి వ్యాసం బయటికి తీసి, 1892లో సొసైటీ పత్రికలోనే వేయించాడు. నలభై ఆరేళ్ళు పట్టింది.

నాకు కోపం తెప్పించేది ఏంటంటే, నిజమో కాదో తేల్చే సాక్ష్యం అప్పటికే వాళ్ళ చేతిలో ఉంది. థామస్ గ్రాహం అనే రసాయన శాస్త్రవేత్త వాయువులు ఎంత త్వరగా పాకుతాయో 1830ల నుంచి కొలుస్తున్నాడు. పల్చటి రేకుకి సన్న బెజ్జం పెట్టి దాంట్లోంచి వాయువులు ఎంత వేగంగా జారిపోతాయో కొలిచిన ఆయన వ్యాసాన్ని ఆ సొసైటీ పత్రికే అచ్చేసింది. ఎప్పుడనుకున్నారు? అదే 1846లో.

ఆ బెజ్జం ఏం చెబుతుందో చూడండి. పీడనం, ఉష్ణోగ్రత ఒకటే అయితే, బెజ్జంలోంచి పోయే అణువుల సంఖ్య వాటి వేగాన్ని బట్టి ఉంటుంది. ఒకే డబ్బాలో అందరి వేగాలూ సమానం అయ్యేదుంటే హైడ్రోజన్, ఆక్సిజన్ ఒకే రేటులో పోవాలి. ద్రవ్యవేగాలు సమానం అయ్యేదుంటే హైడ్రోజన్ 16 రెట్లు త్వరగా పోవాలి. శక్తులు సమానం అయితే √16, అంటే 4 రెట్లు. గ్రాహం నియమం ప్రకారం వచ్చేది దాదాపు 4. ఒకటా, నాలుగా, పదహారా? ఇంత స్పష్టంగా మూడు ఊహలని విడదీసే ప్రయోగం దొరకడమే కష్టం. ఈ ఒక్క పోలిక క్లాసులో చెప్పడానికి ఐదు నిమిషాలు చాలదా? "సరిగ్గా నాలుగే ఎందుకు" అన్న పిల్లాడికి ఇంతకంటే మంచి సమాధానం ఏముంది? చెప్పరు. గ్రాహం నియమం కెమిస్ట్రీ సార్ డిపార్ట్‌మెంట్, ఆర్ఎంఎస్ వేగం ఫిజిక్స్ సార్ డిపార్ట్‌మెంట్. మన ఆఫీసుల్లో రెండు టీములకి పడనట్టు.

ఇక ఆ "ఆర్ఎంఎస్" అన్న మాట. సగటు వేగం అంటే సరిపోయేదానికి ఈ వర్గాలూ, మూలాలూ ఎందుకు పెట్టారని ఎవరూ అడగరు. రెస్పాన్స్ టైం సగటు చూసి సర్వర్ బాగుందని రిపోర్ట్ పంపి తిట్లు తిన్నవాళ్ళకి ఇది వెంటనే ఎక్కుతుంది. శక్తి వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి, కొద్దిమంది వేగస్తులు తమ సంఖ్యకి మించిన వాటా పట్టుకుపోతారు. ఐదు అణువులు 100, 300, 500, 700, 900 వేగాలతో ఉన్నాయనుకోండి. సగటు 500, దాని వర్గం 2,50,000. కానీ వర్గాలు తీసి సగటు చేస్తే 3,30,000. శక్తి లెక్కకి కావాల్సింది ఈ రెండోదే. దాని వర్గమూలం 574, అదే ఆర్ఎంఎస్. నిజం వాయువులో తేడా ఇంత ఉండదు. 300 కెల్విన్ దగ్గర నైట్రోజన్ ఆర్ఎంఎస్ వేగం 517, మామూలు సగటు 476. ఎనిమిది శాతమే కదా అని సగటు వేగంతో శక్తి లెక్కేస్తే మాత్రం 15 శాతం తక్కువొస్తుంది. ఒక్క అణువు కూడా ఆర్ఎంఎస్ వేగంతోనే పోవాలని రూలేం లేదు. అది శక్తికి సరిపడేలా కట్టిన అంకె, అంతే.

అలాగే "వేడెక్కితే అణువులు పిచ్చిపిచ్చిగా పరుగెత్తుతాయి" అనేది ఇంకో అతి. హైదరాబాద్‌లో జనవరి తెల్లవారుజామున 14 డిగ్రీలు, మే మధ్యాహ్నం 42 డిగ్రీలు అనుకుందాం. కెల్విన్‌లో 287, 315. వేగాల నిష్పత్తి వర్గమూలంలో ఉంటుంది కాబట్టి పెరిగేది ఐదు శాతం లోపే. మనకి ప్రాణం పోతున్నట్టుంటుంది గానీ, అణువుకి అదొక లెక్కలోది కాదు. వేగం రెట్టింపు కావాలంటే 27 డిగ్రీల గాలిని 927 డిగ్రీలకి తీసుకెళ్ళాలి. 54 కి కాదు. 54 అని రాసేవాళ్ళు ప్రతి క్లాసులో ఉంటారు, నేనూ ఒకప్పుడు రాశాను.

తప్పు చేశామని ఎలా తెలుస్తుంది? ఇది కూడా ఎవరూ చెప్పరు. గాలిలో అలజడిని మోసుకెళ్ళేది ఈ అణువులే కాబట్టి ధ్వని వేగం, అణువుల వేగం దగ్గరదగ్గరగా ఉండాలి, ధ్వని కాస్త వెనకబడాలి. 27 డిగ్రీల దగ్గర గాలిలో ధ్వని 347, గాలి అణువుల ఆర్ఎంఎస్ వేగం 508. నిష్పత్తి దాదాపు 0.68. ఇప్పుడు M ని కిలోగ్రాముల్లోకి మార్చడం మర్చిపోయి నైట్రోజన్‌కి 28 అని వేయండి. జవాబు 16 వస్తుంది. అంటే గంటకి 59 కిలోమీటర్లు, ఆర్టీసీ బస్సు వేగం. నైట్రోజన్ అణువు బస్సులో పోతుంటే మీ గొంతు అవతలివాడికి అంత త్వరగా ఎలా చేరుతుంది? కెల్విన్ మర్చిపోయి 27 వేస్తే 155 వస్తుంది, అది కూడా ధ్వని కంటే తక్కువే. ఈ ఒక్క చెక్ చేతిలో ఉంటే ఆ రెండు పొరపాట్లూ పరీక్ష హాల్లోనే దొరికిపోతాయి.

హైడ్రోజన్ అణువు, ఆక్సిజన్ అణువు శక్తి సమానమన్నప్పుడు మనం మాట్లాడేది అటూ ఇటూ పరుగెత్తే శక్తి గురించే. రెండూ బొంగరంలా తిరుగుతాయి కూడా, ఆ శక్తి వేరే ఖాతా. అలాగే ప్రశ్నలో "అణువుకి" అనకుండా "గ్రాముకి" అంటే సమాధానం మారిపోతుంది. ఒక గ్రాములో హైడ్రోజన్ అణువులు 16 రెట్లు ఎక్కువ కాబట్టి శక్తి కూడా 16 రెట్లు. ఆ మాట ఎగ్గొట్టి పేపర్ ఇచ్చి పిల్లల్ని తప్పుపట్టే మహానుభావులు కూడా ఉన్నారు.

ఈ ఆదివారం మళ్ళీ రెండు నిమిషాలు దొరికాయి. లైను లైనుగా చెప్పడం కుదరదని ముందే కాగితం మీద రాసి, చూడటానికి వెళ్ళిన అక్క చేత పంపాను. వాడు చదివే ఉన్నాడు. "ద్రవ్యరాశి త్వరగానా లేటుగానా అన్నది మాత్రమే చెప్తుందన్నావు కదా మావయ్యా. మరీ తేడా ఎక్కువైతే అసలు ఎప్పటికీ సమానం కాకుండా ఉండిపోతాయా?"

మీ హాస్టల్ గదిలో ట్యూబులైటుందా అని అడిగాను. ఉందట, అదీ పాతకాలం పొడుగు ట్యూబే. దాన్ని ముట్టుకో అన్నాను. గోరువెచ్చగా ఉంటుంది. లోపల ఆర్గాన్, కాస్త పాదరసం ఆవిరి, వాటి మధ్య పరుగెత్తే ఎలక్ట్రాన్లు. ఆర్గాన్ పరమాణువు ఎలక్ట్రాన్ కంటే 73 వేల రెట్లు బరువు. పైన ఉన్న గుణకంలో పెట్టి చూస్తే, ఒక్కో ఢీకి శక్తుల తేడాలో 36 వేలవ వంతు మాత్రమే చేతులు మారుతుంది. ఆ కాస్తా పంచుకునే లోపు కరెంటు ఎలక్ట్రాన్లకి మళ్ళీ శక్తి పోస్తూనే ఉంటుంది. అందుకే ఒకే గొట్టంలో ఎలక్ట్రాన్లు దాదాపు 11,000 కెల్విన్ దగ్గర, వాయువు నలభై డిగ్రీల చిల్లర దగ్గర, పక్కపక్కనే కాపురం చేస్తుంటాయి.

"అంటే దాంట్లో రెండు టెంపరేచర్లా?" అన్నాడు. అవునన్నాను. వెనక నుంచి వార్డెన్ టైం అయిందని అరుస్తున్నాడు. రేపు ఇదే సార్‌ని అడుగుతానన్నాడు వీడు. వద్దురా అందామనుకున్నాను, లైన్ కట్ అయిపోయింది.